‘చూసుకున్నాను’ అంటే ఇంగ్లీషులో ఏం రాయాలి?

సందేహం: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి దుకాణంలో ఆరేళ్లు గుమస్తాగా చేశాను. ‘లెక్కలు, తక్‌పట్టీలు, వసూళ్లు చూసుకున్నాను’ అని తెలుగులో రాసుకుంటే, మా మిత్రుడు ఇంగ్లీషు రెజ్యూమేలో ‘అకౌంట్స్ మేనేజర్’ అని మార్చాడు. అలా పంపొచ్చా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

సమాధానం: పంపకండి. చిక్కంతా ‘చూసుకున్నాను’ అనే మాటలో ఉంది. పెళ్లి పనులు చూసుకున్నానని సరుకులు మోసినాయనా అంటాడు, కుర్చీలో కూర్చుని పురమాయించినాయనా అంటాడు. మనకు సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ‘మేనేజ్డ్’ అని పడితే మాత్రం, మీ కింద మనుషులు పనిచేశారనీ నిర్ణయాలు మీవేననీ చదివేవారు అనుకుంటారు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే ‘మీ టీంలో ఎంతమంది?’ అని వస్తుంది.

కాబట్టి ముందు తెలుగులోనే ఆ క్రియను విప్పండి. చిట్టా మీరే రాశారా, ఇంకొకరు రాసింది సరిచూశారా? రాస్తే ‘మెయింటెయిన్డ్’, సరిచూస్తే ‘చెక్డ్’. వసూళ్ల కోసం ఖరీదుదారుల దగ్గరికి వెళ్లి డబ్బు తెచ్చారా, బాకీ గుర్తుచేసి ఊరుకున్నారా? మొదటిది ‘కలెక్టెడ్ పేమెంట్స్’, రెండోది ‘ఫాలోడ్ అప్’.

ఇక తక్‌పట్టీ. హైదరాబాద్‌లో రెజ్యూమేలు వడపోసే అమ్మాయికి ఆ మాట తెలియకపోవచ్చు. ‘రిసీట్’ అంటే డబ్బు ముట్టిన రసీదు అనుకుంటుంది. తక్‌పట్టీలో రైతు పేరు, బస్తాలు, తూకం, ధర, కోతలు, చివరికి చేతికి రావలసిన సొమ్ము ఉంటాయి కదా, అందుకని ‘ప్రిపేర్డ్ సేల్ అండ్ సెటిల్‌మెంట్ స్లిప్స్ ఫర్ ఫార్మర్స్’ అనండి. కమిషన్, హమాలీ ఖర్చుల లెక్క మీరే కట్టి ఉంటే ‘ఆఫ్టర్ క్యాలిక్యులేటింగ్ డిడక్షన్స్’ అని కలపండి. ఈ పని విలువ తెలిసేది అక్కడే. కాంటా వేసేది దడ్వాయి కాబట్టి తూకం మీ ఖాతాలో వేసుకోవద్దు.

హోదాకు ‘అకౌంట్స్ క్లర్క్’ చాలు. ‘అకౌంటెంట్’ అంటే జీఎస్టీ రిటర్నులు, సంవత్సరాంతపు లెక్కల దాకా అడుగుతారు. పైగా కంపెనీవాళ్లు పాత షావుకారుకు ఫోన్ చేస్తే ఆయన ‘మా గుమస్తా’ అనే చెబుతాడు. ఆ మాటకూ రెజ్యూమేకూ పొంతన కుదరాలి. దుకాణం పేరు పక్కన ‘కాటన్ అండ్ చిల్లీ కమిషన్ ఏజెంట్’ అని, మీరు అమ్మిన సరుకును బట్టి, రాయండి. ఒట్టి ‘అడ్తి’ అంటే ఏ వ్యాపారమో అర్థం కాదు.

ఉద్యోగ ప్రకటనలో ‘లెడ్జర్’, ‘క్యాష్ బుక్’ అని ఉండి, మీరు ఖాతా పుస్తకం, నగదు పుస్తకం నిజంగా రాసి ఉంటే అవే మాటలు వాడండి. కొన్ని కంపెనీల్లో మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ ఆ మాటల కోసం వెతుకుతుంది. లెక్కలన్నీ చేత్తోనే రాశారనుకోండి, ‘మాన్యువల్’ అని చేర్చండి. ట్యాలీ పేరు ఎత్తకండి.