అయిదు వాక్యాలు, పదిహేను నిమిషాలు

సుజాతా,

గుంటూరు మిర్చి యార్డు మాటల మీద నువ్వు పంపిన అబ్‌స్ట్రాక్ట్ చదివాను. సదస్సు వాళ్లు ఒప్పుకున్నారు, బాగానే ఉంది, కానీ "ఇప్పుడు ఇరవై నిమిషాలు ఏం మాట్లాడాలో తెలియట్లేదు, టెన్షన్‌గా ఉంది" అన్నావు చూడు, దానికి మాత్రం నవ్వొచ్చింది. ఏం మాట్లాడతావో నువ్వే రాసి పంపావు కదమ్మా! అందులో అయిదు వాక్యాలున్నాయి. అయిదు తెల్ల కాగితాలు తీసుకుని ఒక్కోదాని పైన ఒక్కో వాక్యం ఉన్నదున్నట్టు రాయి. దాన్ని కుదించి "నేపథ్యం", "పద్ధతి" అని పెట్టకు. నేపథ్యం అనే మాట కింద ఏది పడేసినా పడి ఉంటుంది, పూర్తి వాక్యం కింద మాత్రం దానికి పనికిరానిది రాస్తే వెంటనే కనిపిస్తుంది.

ఆ తర్వాత ప్రతి వాక్యం కింద, అది వినగానే ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఏం అడుగుతాడో రాయి. నీ మొదటి వాక్యం "గుంటూరు మిర్చి యార్డు మాటలు చాలావరకు నిఘంటువులకు ఎక్కలేదు." ఆయన అడిగేది ఒక్కటే, ఏ నిఘంటువులు చూశావమ్మా అని. బ్రౌన్ 1852 నాటిది చూశావా, సూర్యరాయాంధ్ర చూశావా, అందులో ఏ మాట వెతికితే దొరకలేదు? దానికి జవాబు ఒక నిమిషం. యార్డు ఎంత పెద్దదో, గుంటూరు కారం ఎక్కడెక్కడికి పోతుందో చెప్పడం మొదలుపెట్టావా, అయిపోయావన్నమాటే.

నేను చేసిన పనే ఇది. చాలా ఏళ్ల కిందట బెజవాడలో ఒక సదస్సులో నేపథ్యానికే పది నిమిషాలు తినేశాను, అధ్యక్షుడు చీటీ పంపాడు, అసలు కనిపెట్టిన సంగతి నిలబడి, గుక్క తిప్పుకోకుండా నిమిషంలో చెప్పి దిగాను. భోజనాల దగ్గర ఒకాయన "ఇంతకీ మీరు చెప్పేదేంటండీ" అన్నాడు.

నీ రెండో వాక్యంలో చిక్కుంది. "ఈ మాటలు వరి సాగు నుంచి, బయటి వ్యాపారుల భాష నుంచి, వంగడాల నంబర్ల నుంచి వచ్చాయి" అన్నావు, అది పేరుకు ఒక వాక్యమే గానీ లోపల మూడున్నాయి. దీనికి మూడు నిమిషాలు, మూడూ చెబితే ఒక్కోదానికి నిమిషానికి మించి రాదు. వరి సంగతి ఒక్కటి విప్పి చెప్పు, 334 లాంటి నంబర్లను ఒక్క మాటలో తాకి వదిలెయ్, వ్యాపారుల భాష ఎవరైనా అడిగితే చెబుదువుగాని. మూడోది, రెండు సీజన్లు హమాలీలను, గుమాస్తాలను, రైతులను కలిశానన్నది, రెండు నిమిషాలు చాలు. ఎంతమందిని, ఎక్కడ కూర్చుని, రికార్డు చేశావా, రాసుకున్నావా, అంతే.

అసలు ప్రసంగం నాలుగో కాగితం మీద ఉంది. "ఒకే మాటకు రైతు చెప్పే అర్థం వేరు, కొనేవాడు చెప్పే అర్థం వేరు." నాకైతే ఇక్కడ తాలు ఒక్కటి చాలు. వరిలో తాలంటే గింజ లేని పొట్టు, మిర్చికి వచ్చేసరికి రంగుపోయి తెల్లబారిన కాయ. నువ్వు ఫోన్లో చెప్పింది గుర్తుందా, రైతు తాలంటే తను కళ్లంలో ఏరి పక్కన పోసిన కాయ, కొనేవాడు మాత్రం టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి నాలుగు పాలిపోయిన కాయలు తీసి "తాలు కలిసింది" అని రేటు తగ్గిస్తాడని? ఆ చెయ్యి పెట్టడం దగ్గరే మొదలుపెట్టు. ఇద్దరూ అన్న మాటలు వాళ్లు అన్నట్టే చదువు, తర్వాత అర్థం ఎక్కడ చీలిందో చెప్పు, ఆ పైన అలాంటి ఇంకొక్క మాట. దీనికి ఏడు నిమిషాలు ఇవ్వు.

అయిదో వాక్యం కింద నేనేం రాయాలన్నా రాయలేకపోయాను. "నిఘంటు నిర్మాణంపై దీని ప్రభావాన్ని చర్చిస్తాను" అన్నావు. చర్చిస్తాననేది మాట ఇవ్వడమే, అందులో విషయం లేదు. ఉదాహరణ ఒక్కటీ తగలకపోతే వాక్యం బోలుదని గుర్తు. దాన్ని కొట్టేసి "తాలు అన్న పదం కింద ఎవరి అర్థం ఏదో విడివిడిగా రాయాలి" అని పెట్టు, నిఘంటువులో ఆ ఆరోపం, అంటే ఆ పదమూ దాని కింద అర్థాలూ, ఎలా ఉంటుందో తెర మీద ఒకటి రాసి చూపించు. రెండు నిమిషాలు. మొత్తం కలిపితే పదిహేను, మిగతా అయిదూ ప్రశ్నలకు.

ఇంకొకటి. అబ్‌స్ట్రాక్ట్ పంపి నాలుగు నెలలైంది, ఈలోపు నీ లెక్క మారి ఉంటే దాచకు, సదస్సు వాళ్లు అబ్‌స్ట్రాక్టులు అచ్చేసిన పుస్తకం అందరి చేతిలో ఉంటుంది, మొదటి నిమిషంలోనే చెప్పేయ్.

ఆదివారం బ్రాడీపేట వస్తావుగా, నాలుగో కాగితం ఒక్కటి తెచ్చుకో. నువ్వు చదువు, నేను గడియారం చూస్తా.