పేస్ట్ మార్పించి 700 పోగొట్టుకున్నవాడి జవాబు

ప్రశ్న: సన్న లాప్‌టాప్ కొన్నాను. బెంచ్‌మార్క్ స్కోరు బాగానే వస్తోంది, వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే మాత్రం నిమిషంలో నీరసపడిపోతోంది. థర్మల్ పేస్ట్ మార్పిస్తే బాగుపడుతుందా?

ముందు చిప్ వేడి, వాట్లు చూపించే HWiNFO ప్రోగ్రాం తెరిచి చూడండి, షాపుకి తర్వాత వెళ్లొచ్చు. నేను తిరగేసి ముందు షాపుకే వెళ్లాను.

మా అక్క కూతురి పెళ్లి వీడియోని మార్చడానికి HandBrake ప్రోగ్రాంలో పెట్టాను. నాది i7-1255U చిప్. మొదట్లో సెకనుకి 70 ఫ్రేములు లాగింది. ఇంకేం, గంటలో అయిపోతుందని బావకి ఫోన్ చేసి చెప్పేశాను కూడా. కాఫీ కలుపుకుని వచ్చేసరికి 38కి పడిపోయింది. వేడెక్కిందనుకుని పేస్ట్ మార్పిస్తే 700 వదిలాయి, ఫ్రేములు మాత్రం అదే 38.

అప్పుడు HWiNFO పెట్టి కూర్చున్నాను. CPU Package Power మొదటి అర నిమిషం 50 వాట్ల దాకా ఉండి, తర్వాత సరిగ్గా 15 దగ్గర గీత గీసినట్టు ఆగింది. వేడి ఎంతుందో తెలుసా? 71 డిగ్రీలు! ఈ చిప్ 100 దాకా ఓర్చుకుంటుంది. అంటే దాన్ని ఆపింది వేడి కాదు, లాప్‌టాప్ తయారీదారు పెట్టిన పరిమితి.

ఇంటెల్ చిప్‌లో రెండు గీతలుంటాయి. PL2 కాసేపు పరిగెత్తడానికి, PL1 ఎంతసేపైనా నడవడానికి. నా చిప్‌కి ఇంటెల్ చెప్పే అంకెలు 55, 15 వాట్లు. వాడిన కరెంటు సగటును చిప్ లెక్కేస్తూ ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఆ సగటు తక్కువ కాబట్టి మొదట్లో దూకుతుంది, సగటు PL1ని తాకగానే తగ్గిపోతుంది. సన్న బాడీ, చిన్న ఫ్యాన్, ఒళ్లో పెట్టుకుంటే తొడ కాలకూడదు, అందుకని కంపెనీ PL1ని అక్కడ కట్టేస్తుంది.

యూట్యూబ్ రివ్యూల మీద నాకు ఒళ్లుమంట ఇందుకే. చల్లగా ఉన్న మెషీన్ మీద ఒక్కసారి టెస్ట్ నడిపి స్కోరు చూపిస్తారు. వెంటవెంటనే ఐదుసార్లు నడిపితే అసలు రంగు బయటపడుతుంది. Cinebench R23 టెస్ట్ మామూలుగా పది నిమిషాలు నడుస్తుంది, ఆ పది నిమిషాల స్కోరే నమ్మండి.

చివరికి పని చేసింది ఏమిటంటే, కంపెనీ యాప్‌లో క్వైట్ మోడ్ తీసి పెర్ఫార్మెన్స్ పెట్టడం. PL1 25 అయింది, ఫ్రేములు 50కి చేరాయి. కరెంటు మూడింట రెండొంతులు పెరిగితే వేగం మూడో వంతే పెరిగిందన్నమాట. పై వేగాలకు వోల్టేజీ కూడా పెంచాలి కాబట్టి అంతే వస్తుంది. ఫ్యాన్ మాత్రం మిక్సీలా మోగుతుంది.

మీ దాంట్లో వేడి 95 దాటి, వాట్లు PL1 కంటే కిందికి జారుతుంటే అది నిజంగా వేడి సమస్యే. అప్పుడు దుమ్ము దులిపించి పేస్ట్ మార్పించండి. నాకూ పెర్ఫార్మెన్స్ మోడ్‌లో మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా పెడితే 97 చూపించి 20 వాట్లకు దిగింది. వెనక రెండు సీసా మూతలు పెట్టి ఎత్తాక 23కి వచ్చింది.