కాఫీ మేకర్‌లో సున్నం పేరుకుంటే కిడ్నీలో రాళ్లు వస్తాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 43 ఏళ్లు. మాది చంద్రపూర్ జిల్లా రాజురా. ఇంట్లో బోరు నీళ్లే. ఏడాది కిందట కరెంటు కాఫీ మేకర్ కొన్నాం. ఈమధ్య డికాక్షన్ గోరువెచ్చగా, చప్పగా దిగుతోంది, చివర్లో ఒకలాంటి చేదు. రుచి కోసం మూడు చెంచాల పొడి వేసే చోట ఐదు వేస్తున్నాను. ట్యాంకు అడుగున తెల్లటి పొర, జగ్గులో తెల్ల రేకులు కనిపిస్తున్నాయి. మా వారికి పోయినేడాది కిడ్నీలో రాయి వచ్చి పడిపోయింది. దానికి ఈ తెల్లదే కారణమని అత్తయ్య అంటున్నారు. నాకేమో నెల రోజులుగా ఛాతీలో మంట, నిద్ర కూడా సరిగా లేదు. మిషన్ పారేయమంటారా?

జవాబు: పారేయక్కర్లేదమ్మా. శుభ్రం చేస్తే మళ్లీ బాగానే పనిచేస్తుంది. మీ ఛాతీ మంటకూ ఆ మిషన్‌కూ సంబంధం ఉండొచ్చు, కానీ మీరు అనుకుంటున్న దారిలో కాదు.

ముందు ఆ తెల్ల పొర సంగతి. రాజురా చుట్టుపక్కల భూమిలో సున్నపురాయి ఉంది. సిమెంట్ ఫ్యాక్టరీలు అక్కడికి వచ్చింది దానికోసమే. ఆ రాళ్ల మధ్య నుంచి ఊరిన నీటిలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు కంటికి కనబడదు. వేడి తగలగానే అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పదార్థమే, గట్టి పొరగా పేరుకుంటుంది. మీరు నీళ్లు కాచే గిన్నె అడుగున కనబడేదీ ఇదే. అనుమానముంటే ఎండిన రేకు ఒకటి తీసి దానిమీద రెండు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుసమని నురగ వస్తే సున్నమే.

ఇది కడుపులోకి పోతే విషమేమీ కాదు. నోట్లో పడితే ఇసకలా తగులుతుంది, అంతే. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్‌వి. పేరులో కాల్షియం ఉంది కాబట్టి కాల్షియం తగ్గిస్తే రాళ్లు రావని చాలామంది పాలు, పెరుగు మానేస్తారు. జరిగేది తలకిందులు. తిండిలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంలో బయటికి పంపిస్తుంది. కాల్షియం తగ్గితే ఆ ఆక్సలేట్ రక్తంలోకి ఎక్కి కిడ్నీకి చేరుతుంది. మీ వారి విషయంలో నేను ముందుగా అడిగేది ఆయన రోజుకి ఎన్ని నీళ్లు తాగుతారని. చంద్రపూర్ ఎండలు మీకు చెప్పాల్సిన పనిలేదు. చెమట పట్టే పని చేసేవాళ్లకి మూత్రం చిక్కబడుతుంది, రాయి అక్కడే మొదలవుతుంది. రోజుకి రెండు నుంచి రెండున్నర లీటర్ల మూత్రం పోయేలా నీళ్లు తాగాలి. వేసవిలో దానికి నాలుగు లీటర్లు తాగినా సరిపోకపోవచ్చు. ఆయనకు గుండె జబ్బు గానీ, కిడ్నీ పనితీరు తగ్గడం గానీ ఉంటే మాత్రం ఎన్ని తాగాలో తన డాక్టర్‌నే అడగమనండి. రాయికి కారణం ఆ తెల్ల పొర కాదని అత్తయ్యగారికి నా తరఫున చెప్పండి.

ఇక మీ మంట. మీ మిషన్‌లో పంపు ఉండదు. అడుగున ఒక సన్నటి గొట్టం, దాన్ని వేడెక్కించే హీటర్, అంతే. గొట్టంలో నీళ్లు మరిగి, ఆ బుడగల తోపుకే పైకెక్కి పొడిమీద పడతాయి. గొట్టం లోపల సున్నం పేరుకుంటే వేడి నీళ్లకు సరిగా అందదు, దారీ ఇరుకవుతుంది. నీళ్లు ఒక్కో బుక్కగా, ఆగి ఆగి, గురగురమంటూ ఎక్కుతాయి. కాఫీ రుచి బాగా దిగాలంటే పొడిమీద పడే నీళ్లు 90 నుంచి 96 డిగ్రీల వేడిలో ఉండాలి. అంతకంటే తగ్గితే రుచినిచ్చే పదార్థాలు పొడిలోనే ఉండిపోతాయి. కెఫీన్ మాత్రం నీటిలో తేలిగ్గా, తొందరగా కరిగే రకం. వేడి కాస్త తగ్గినా అది దిగిపోతుంది. అంటే మీ కప్పులో రుచి తగ్గింది, కెఫీన్ పెద్దగా తగ్గలేదు. మీరు రుచి కోసం మూడు చెంచాలను ఐదు చేశారు. రుచి కొంత పెరిగింది, కెఫీన్ మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. కాఫీ ఎక్కువైతే ఆహార నాళం చివర ఉండే బిగువు కండరం సడలుతుంది, కడుపులో ఆమ్లమూ పెరుగుతుంది. దాంతో ఛాతీలో మంట. నిద్ర పట్టకపోవడానికీ ఇదే కారణం కావచ్చు. మిషన్ బాగయ్యాక మూడు చెంచాలకు తిరిగి రండి. పరగడుపున వద్దు, సాయంత్రం నాలుగు దాటాక వద్దు.

చివర్లో వచ్చే ఆ చేదుకి రెండు కారణాలు. నీళ్లు మెల్లగా దిగితే పొడి ఎక్కువసేపు నానుతుంది. రెండోది, జగ్గుకీ ఫిల్టర్ బుట్టకీ అంటుకున్న కాఫీ నూనె. కాఫీ గింజలో నూనె ఉంటుంది. రోజూ నీళ్లతో తొలిచేస్తే అది పోదు, గోధుమ రంగు జిడ్డుగా మిగిలి గాలికి పాతబడుతుంది. జగ్గు ఎండాక మూత తీసి వాసన చూడండి. పాత వేరుశనగ నూనె డబ్బా వాసన వస్తే దాని పనే. ఆ జిడ్డు వల్ల జబ్బు వస్తుందని నేను చెప్పను, రుచి మాత్రం పాడవుతుంది.

ఆరోగ్యం దృష్టితో నేను పట్టించుకునేది ఇంకొకటి, తడిగా మూసి ఉండే ట్యాంకు. వేళ్లతో ట్యాంకు లోపలి గోడ తడిమి చూడండి. జిగటగా జారితే అది సున్నం కాదు, సూక్ష్మజీవుల పొర. మూత లోపల నల్లటి చుక్కలుంటే బూజు. స్పెయిన్‌లోని వాలెన్షియా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో, పొడి నింపిన చిన్న డబ్బీలతో కాఫీ చేసే క్యాప్సూల్ మిషన్ల కింద కారిన కాఫీ పట్టే పళ్లెం పరీక్షిస్తే అందులో రకరకాల బ్యాక్టీరియా కనబడింది. అది తాగే కాఫీలో కాదు, కింది పళ్లెంలో. అయినా తడీ వెచ్చదనమూ ఉన్న చోట ఏం పెరుగుతుందో తెలుస్తుంది. మరిగే నీళ్లలో చాలా క్రిములు చచ్చిపోతాయి కాబట్టి ఆరోగ్యవంతులకు కాఫీ మేకర్ వల్ల జబ్బు రావడం అరుదు. ఆస్తమా ఉన్నవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయి మందులు వాడేవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం బూజు కనబడిన మిషన్ వాడకండి.

శుభ్రం చేసే పద్ధతి ఇది. కిరాణా షాపులో నిమ్మ ఉప్పు అడగండి, అదే సిట్రిక్ యాసిడ్. ఒక లీటరు మామూలు నీళ్లలో 20 గ్రాములు, అంటే నాలుగు టీ చెంచాలు, పూర్తిగా కరిగించి ట్యాంకులో పోయండి. బుట్టలో పొడి ఉండకూడదు. స్విచ్ వేసి సగం నీళ్లు జగ్గులోకి దిగాక ఆపేయండి. అరగంట అలాగే వదిలి, మిగతా సగం దింపండి. తర్వాత మామూలు నీళ్లతో ట్యాంకు నిండా మూడుసార్లు దింపి పారబోయండి. మూడోసారి దిగిన నీళ్లు చల్లారాక నాలుకకి పుల్లగా తగలకపోతే కడగడం అయినట్టే.

ఏడాదిపాటు పేరుకున్నది కాబట్టి మీకు ఒక్కసారితో పోకపోవచ్చు. అలాగని నిమ్మ ఉప్పు రెండింతలు చేయకండి. సిట్రిక్ యాసిడ్ సున్నంతో కలిసి కాల్షియం సిట్రేట్ అవుతుంది. దీని స్వభావం విచిత్రం: నీళ్లు వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది. చిక్కటి ద్రావణాన్ని వేడిగా వదిలేస్తే మళ్లీ తెల్లటి పొడి అడుగున పడుతుంది, జనం సున్నం పోలేదనుకుంటారు. అందుకే అదే మోతాదుతో రెండు రోజులు వరసగా చేయండి, ప్రతిసారీ వెంటనే కడిగేయండి. నిమ్మ ఉప్పు దొరక్కపోతే తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి వాడొచ్చు. పనిచేస్తుంది కానీ వాసన మూడు నాలుగు కాఫీల వరకూ వదలదు.

ఆమ్లం జిడ్డును తీయదు. జగ్గు, బుట్ట, మూత విడిగా తీసి గిన్నెలు తోమే లిక్విడ్‌తో, వేడినీళ్లతో కడిగి, జిడ్డు ఉన్నచోట వంట సోడా చల్లి మెత్తటి స్పాంజితో రుద్దండి. వీడియోల్లో వంట సోడా, వెనిగర్ కలిపి పొంగిస్తుంటారు. చూడటానికి బాగుంటుంది కానీ అవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది కొద్దిగా ఉప్పు కలిసిన నీళ్లు. ఒకటి అయ్యాక, కడిగేసి, రెండోది వాడాలి.

బాత్రూమ్ టైల్స్‌కి వాడే యాసిడ్‌ని మిషన్‌లో పోయకండి. చాలా మిషన్లలో లోపలి గొట్టం అల్యూమినియం, దాన్ని ఆ యాసిడ్ తినేస్తుంది. నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ బ్లీచింగ్ పౌడర్‌తో కలవనివ్వకండి, సింకులో కూడా. క్లోరిన్ గ్యాస్ పుట్టి ఊపిరితిత్తులు మండుతాయి. మిషన్‌ను బయట తుడిచేటప్పుడు ప్లగ్ తీసి ఉంచండి. కరెంటు ఉండే అడుగు భాగాన్ని తడి గుడ్డతో తుడవడమే, నీళ్లలో ముంచకూడదు.

పని జరిగిందో లేదో గడియారం చెబుతుంది. శుభ్రం చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి ఉత్త నీళ్లు దింపి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఇంటి మిషన్లలో ఆరేడు కప్పులకు పది నిమిషాలు, ఆ చుట్టుపక్కల పడుతుంది. టైమ్ తగ్గితే, శబ్దం తగ్గితే సున్నం పోయినట్టు. బోరు నీళ్లు వాడినంత కాలం నెలకొకసారి చేయండి. ఆర్వో నీళ్లు వాడితే మూడు నెలలకు ఒకసారి చాలు. రోజూ కాఫీ అయ్యాక మిగిలిన నీళ్లు పారబోసి, మూత తెరిచి ఆరనివ్వండి. బూజుకి తడి అందకపోతే చాలు.

మిషన్ కంటే ముఖ్యమైన విషయం బోరు నీళ్లది. చంద్రపూర్ జిల్లాలో కొన్నిచోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది కంటికి కనబడదు, పొర కట్టదు, మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ కాస్త చిక్కబడుతుంది కూడా. కాఫీ మేకర్ ఎంత తళతళలాడినా ఫ్లోరైడ్ గురించి ఏమీ తెలియదు. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు. జిల్లా కేంద్రంలోని నీటి పరీక్ష ల్యాబ్‌లో ఒక సీసా ఇచ్చి ఫ్లోరైడ్, గట్టిదనం రెండూ చూపించుకోండి. ఎక్కువని తేలితే కాఫీకే కాదు, తాగడానికీ వంటకీ ఆర్వో నీళ్లే వాడండి.

మీ మంటకి రెండు వారాల గడువు ఇద్దాం. కాఫీ తగ్గించినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి. మింగేటప్పుడు అడ్డు తగలడం, నల్లటి మలం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆ రెండు వారాలు కూడా ఆగొద్దు. మెట్లెక్కితేనో నడిస్తేనో ఛాతీలో బిగపట్టినట్టు ఉండి, ఎడమ చేతికీ దవడకీ పాకితే అది గ్యాస్ అనుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి.