మొదటి క్రెడిట్ కార్డు తీసుకునే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

జీతం ఖాతాతో డెబిట్ కార్డు వచ్చిందని, ఇప్పుడు క్రెడిట్ కార్డు కూడా ఇస్తామంటున్నారని రాశావు. తీసుకో అమ్మా. అయితే దాని బిల్లు ఎలా తయారవుతుందో ముందు తెలుసుకో. నేను బ్యాంకులో ఉన్నన్నాళ్లూ కుర్రవాళ్లు చిక్కుకుపోయింది అక్కడే.

డెబిట్ కార్డుతో కొంటే నీ ఖాతాలో డబ్బు అప్పటికప్పుడే తగ్గుతుంది. వడ్డీ మాటే ఉండదు. క్రెడిట్ కార్డుతో కొంటే అది బ్యాంకు ఇచ్చిన అప్పు. జూన్ 5న 20,000 రూపాయల ఫోను కొన్నావనుకో. జూన్ 15న బిల్లు వచ్చింది, గడువు జూలై 5. ఆలోగా మొత్తం కట్టేస్తే పైసా వడ్డీ పడదు. అదే బిల్లులో ‘మినిమమ్ అమౌంట్ డ్యూ’ అని 1,000 రూపాయలు కూడా కనిపిస్తుంది. అది కడితే ఆలస్య రుసుము తప్పుతుంది, వడ్డీ తప్పదు. పైగా ఆ వడ్డీని గడువు తేదీ నుంచి కాదు, ఫోను కొన్న రోజు నుంచి లెక్కిస్తారు. నెలకు మూడున్నర శాతం చొప్పున జూలై 15 బిల్లు నాటికి సుమారు 910 రూపాయల వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 164. అంటే వెయ్యి కట్టిన తర్వాత కూడా నీ బాకీ 20,000 పైనే! ఆ పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్న పప్పూ ఉప్పూ మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకే ఆటో డెబిట్ పెట్టేటప్పుడు ‘టోటల్ అమౌంట్ డ్యూ’నే ఎంచుకో. ఏటీఎంలో మాత్రం క్రెడిట్ కార్డు వాడకు. నగదు తీస్తే రుసుముతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

రివార్డు పాయింట్లను చూసి మురిసిపోకు. వందకు ఒక పాయింటు, పాయింటుకు పావలా అనుకుంటే ఆ ఫోనుకు వచ్చేది 50 రూపాయలు. డెబిట్ కార్డుకు సాధారణంగా అంతకన్నా తక్కువే.

నేను నిన్ను క్రెడిట్ కార్డు తీసుకోమనడానికి అసలు కారణం మోసాల భయం. రిజర్వ్ బ్యాంకు 2017 నిబంధనలు రెండు కార్డులకూ వర్తిస్తాయి. నీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా ఎవరో డబ్బు కాజేస్తే, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే నష్టం నీది కాదు. చెప్పిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ సొమ్ము తాత్కాలికంగా జమ చేయాలి. కానీ డెబిట్ కార్డయితే ఆ పది రోజులూ ఖాళీ అయ్యేది నీ ఖాతా. అద్దె, ఇంటికి పంపే డబ్బు ఆగిపోతాయి. క్రెడిట్ కార్డయితే తగవు బ్యాంకు సొమ్ము మీద నడుస్తుంది, నీ జీతం భద్రంగా ఉంటుంది. అందుకే ఆన్‌లైన్ కొనుగోళ్లకు అదే వాడు. డెబిట్ కార్డును ఏటీఎంకే ఉంచి, యాప్‌లో దాని ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలను ఆపేయి.

ఓటీపీ నువ్వే ఎవరికైనా చెబితే మాత్రం, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బు నీ నష్టమే. అలాంటిది జరిగితే ఎవరేమంటారోనని ఆలోచించకు. ముందు కార్డు బ్లాక్ చేయించి, వెంటనే 1930కి ఫోన్ చేయి. ఆ తర్వాత నాకు చెప్పు.

నీ మామయ్య