బెంజీ పక్కన ఎవరున్నారో చూడండి

ప్రశ్న: "అంపశయ్య ఇబ్బంది లేకుండానే చదివాను. కానీ ఫాక్నర్ 'ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ' మొదలుపెడితే ఏది ఇప్పటిదో ఏది పాతదో తెలియక పాతిక పేజీల్లో ఆపేశాను. చైతన్య స్రవంతి నవలల్లో దారి తప్పకుండా ఎలా చదవాలి?"

అంపశయ్యలో మనం కథానాయకుడు రవి ఒక్కడి బుర్రలోనే ఉంటాం. ఉస్మానియాలో ఒక్క రోజు గడుస్తుంది. అతను ఎంత వెనక్కి వెళ్లినా మళ్లీ ఆ రోజులోకే వస్తాడు కాబట్టి మీకు ఇబ్బంది కలగలేదు. ఫాక్నర్ నవల మొదటి భాగంలో ఆ ఆసరా లేదు. అది 1928 ఏప్రిల్ 7, ఆ భాగం చెప్పే బెంజీ 33వ పుట్టినరోజు. అతనికి మాట రాదు, నిన్నకీ నేటికీ తేడా తెలియదు. చిన్నప్పటి సంగతి గుర్తొస్తే అది ఇప్పుడే జరుగుతున్నట్టు చెబుతాడు. అందుకే మీరు తేదీ కోసం వెతకడం మానేయండి. బెంజీ పక్కన ఎవరున్నారో చూడండి.

అతన్ని చూసుకునే కుర్రాళ్లు ముగ్గురు. వెర్ష్ ఉంటే బెంజీ చిన్నపిల్లాడు. టి.పి. ఉంటే పెద్దవాడయ్యాడని, 1910లో అక్క కేడీ పెళ్లి నాటికి దగ్గరలో ఉన్నామని. లస్టర్ ఉంటే 1928. ఎమ్మే చదివేటప్పుడు నేనూ మా అక్కా ఒక వేసవి మధ్యాహ్నం ఈ భాగాన్ని పైకి చదువుకున్నాం. నేను చదువుతుంటే తను పెన్సిల్‌తో మార్జిన్‌లో వె, టి, ల అని రాస్తూ పోయింది. కంచె దగ్గరి మేకు వచ్చేసరికి ఇద్దరం ఒకేసారి ఆగాం. లస్టర్‌తో కలిసి కంచె సందులోంచి దూరుతుంటే బెంజీ బట్ట మేకుకు తగులుకుంటుంది. లస్టర్ విసుక్కుంటాడు. ఆ వెంటనే, ఇటాలిక్స్‌లో, కేడీ ఆ మేకు నుంచి బట్టను విడిపిస్తుంది. అంతే, బాగా చలిగా ఉన్న క్రిస్మస్ రోజుల్లోకి వచ్చేశాం. కాసేపటికి వెర్ష్ మాట వినిపిస్తుంది. మా అక్క 'వె' రాసి, "మేకు అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే, మనుషులే మారారు" అంది. ఆ తర్వాత మాకు పెన్సిల్ అవసరం తగ్గిపోయింది.

బెంజీ మనసు ఊరికే ఎగరదు. ఒక వస్తువో, చప్పుడో, వాసనో తగిలితేనే కదులుతుంది. గోల్ఫ్ ఆడేవాళ్లు సంచి మోసే కుర్రాణ్ణి "క్యాడీ" అని పిలిస్తే అక్క పేరే వినిపించి ఏడుస్తాడు. దారి తప్పామనిపిస్తే పేజీ మొదటికి వెళ్లక్కర్లేదు, రెండు మూడు వాక్యాలు వెనక్కి వెళ్లి ఏది తగిలిందో చూస్తే చాలు.

ఇటాలిక్స్ వస్తే గతం, మామూలు అక్షరాలైతే వర్తమానం అని చాలామంది నేర్పుతారు. అది తప్పు. ఇటాలిక్స్ చెప్పేది కాలం మారుతోందని మాత్రమే. ఆ క్రిస్మస్ ఘట్టం కాసేపట్లోనే మామూలు అక్షరాల్లోకి వచ్చేస్తుంది, మనం మాత్రం ఇంకా గతంలోనే ఉంటాం. నేను కొన్న ఒక చవక ఈ-బుక్‌లో ఇటాలిక్స్ మొత్తం ఎగిరిపోయాయి. ఇలాంటి పుస్తకం ఇలా తయారుచేసి అమ్మడం పాఠకుడికి అన్యాయం చేయడమే. మీ కాపీలో మేకు దగ్గర అక్షరం వాలిందో లేదో ముందు చూసుకోండి. ఒక్కో కాలానికి ఒక్కో రంగు సిరా వాడాలని ఫాక్నర్ కోరుకున్నాడు, 2012లో ఫోలియో సొసైటీ అనే ప్రచురణ సంస్థ 14 రంగుల్లో అలా వేసింది కూడా. నాకది నచ్చదు. మేకును మనమే కనిపెట్టే అవకాశం పోతుంది.

క్వెంటిన్ పేరుతో ఇద్దరున్నారు. బెంజీ అన్న క్వెంటిన్ 1910లో చనిపోయాడు, కేడీ కూతురికి ఆ పేరే పెట్టారు. క్వెంటిన్ ఆడపిల్ల అయి, పక్కన లస్టర్ ఉంటే మీరు 1928లో ఉన్నారు.

"అర్థం కాకపోయినా ప్రవాహంలో కొట్టుకుపోండి" అనే సలహా నాకు ఒళ్లుమంట. ఫాక్నర్ ఇన్ని ఆనవాళ్లు పెట్టింది వాటిని పట్టుకోవడానికే.

రెండో భాగంలో మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ ఆలోచించేది హార్వర్డ్‌లో చదివే అన్న క్వెంటిన్, పక్కన ఏ కుర్రాడూ ఉండడు. అక్కడ విరామచిహ్నాలు చూడండి. కామాలు, ఫుల్‌స్టాపులు మాయమవుతున్నాయంటే మనసు అతని పట్టు తప్పుతోందని. కేడీ ప్రియుడు డాల్టన్ ఏమ్స్‌తో పాత గొడవ పేజీలకు పేజీలు సాగుతుంది. అది ముగిశాక స్నేహితుల మాటల్లో తెలుస్తుంది, ఆ సేపట్లోనే క్వెంటిన్ జెరాల్డ్ అనే ఇంకొకణ్ణి కొట్టి, తనూ దెబ్బలు తిన్నాడని. ఆ కొట్లాట అతని తలలోకే రాలేదు కాబట్టి ముందు మనకూ కనిపించదు. అక్కడ వెనక్కి వెళ్లి వెతక్కండి, స్నేహితుల సంభాషణ వచ్చేదాకా చదవండి.