గ్రీన్ బిల్డింగ్ ఏపీ కోర్సుకి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను సివిల్ ఇంజనీర్‌ని. వయసు 28. హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర సైట్ చూస్తాను, జీతం 42 వేలు. గ్రీన్ బిల్డింగ్ అక్రెడిటెడ్ ప్రొఫెషనల్, అంటే ఏపీ, కోచింగ్‌కి 60 వేలు అడుగుతున్నారు. పర్సనల్ లోన్ తీసుకుని చేరమంటారా?

జవాబు: వద్దండి, కనీసం ఇప్పుడైతే వద్దు. 15 శాతం వడ్డీకి ఏడాది లోన్ తీసుకుంటే ఈఎంఐ 5,400 దాటుతుంది, మొత్తం 65 వేలు కడతారు. తర్వాత జీతం నెలకి 3 వేలు పెరిగినా ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు 22 నెలలు. అసలు పెరుగుతుందా అన్నదే ముందు చూడాలి.

గ్రీన్ రేటింగ్ ఇచ్చేది భవనానికి, పాయింట్ల లెక్కన. అమెరికా రేటింగ్ అయిన లీడ్‌లో, ప్రాజెక్టు టీమ్‌లో ఆ ప్రాజెక్టు రకానికి సరిపోయే స్పెషాలిటీ ఉన్న ఏపీ ఒక్కరుంటే ఒక పాయింట్ వస్తుంది. రెండో ఏపీ ఉన్నా ఇంకో పాయింట్ రాదు. కింది మెట్టు అయిన గ్రీన్ అసోసియేట్‌కి ఆ పాయింట్ లేదు. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ఇచ్చే ఐజీబీసీ రేటింగ్‌లోనూ ఏపీకి ఇలాగే ఒక పాయింట్ ఉంటుంది. లీడ్‌లో గోల్డ్ స్థాయికి 60 పాయింట్లు కావాలి కాబట్టి 59 దగ్గర ఆగిన బిల్డర్‌కి అదే ప్రాణం. కానీ ఆ ఏపీని మామూలుగా గ్రీన్ కన్సల్టెంట్ తెస్తాడు, కాంట్రాక్టర్ కాదు.

మీలాంటి సైట్ ఇంజనీర్‌ని అడిగేవి వేరు: డెబ్రిస్ ట్రక్కుల వేబ్రిడ్జ్ స్లిప్పులు, పెయింట్ల నుంచి ఆవిరయ్యే రసాయనాల లెక్క చూపే వీఓసీ షీట్లు, స్టీల్లో రీసైకిల్డ్ శాతం చూపే కంపెనీ లెటర్. ఈ ఫైల్ సరిగ్గా లేకపోతే పాయింట్లు అక్కడే పోతాయి. దాన్ని చక్కగా నడిపిన అనుభవం మీకు పైసా ఖర్చు లేకుండా వస్తుంది, ఇంటర్వ్యూలో చూపించడానికీ పనికొస్తుంది.

ఇక క్లయింట్ ఎప్పుడు అడుగుతాడంటే, చాలావరకు కన్సల్టెంట్‌ని పెట్టుకునేటప్పుడే. మీ ఆఫీసులో ఈ ఏడాది వచ్చిన టెండర్లు తీసి అర్హత నిబంధనలు చదవండి. విదేశీ కంపెనీలకు అద్దెకిచ్చే ఐటీ భవనమైతే ఎక్కువగా లీడ్ ఉంటుంది, అపార్ట్‌మెంట్లలో ఐజీబీసీ, ప్రభుత్వ భవనాల్లో గృహ అనే మన దేశపు రేటింగ్. ఏ పేరూ కనిపించకపోతే మీ ఉద్యోగంలో ఈ సర్టిఫికెట్‌కి ఇప్పుడు గిరాకీ లేనట్టే.

కన్సల్టెన్సీకి మారాలనే పట్టుదల ఉంటే ఐజీబీసీ ఏపీతో మొదలుపెట్టండి. వాళ్ల రిఫరెన్స్ గైడ్‌తో ఇంట్లో చదివి రాయొచ్చు, కోచింగ్ తప్పనిసరి కాదు. ఫీజు వాళ్ల సైట్‌లోనే చూసి, నెలకి 3 వేలు ఆర్‌డీలో వేసి కూడబెట్టండి. కంపెనీ ఫీజు తిరిగి ఇస్తుందేమో హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి.

లీడ్ ఏపీ తర్వాత చూద్దాం. దాని ఫీజు డాలర్లలో ఉంటుంది, పైగా రెండేళ్లకోసారి 30 గంటల శిక్షణ చూపించి రెన్యూవల్ ఫీజు కట్టాలి. కోచింగ్ వాళ్లు చెప్పే ఖర్చులో ఇది కలిపారో లేదో అడగండి.