టెక్ సందేహాలు: పన్నెండు మీటర్ల బారు, లెక్క తప్పిన ముక్కలు

*మా జీ ప్లస్ టూ సైటులో 16 ఎం.ఎం. రాడ్లు 5.1 మీటర్లవి 24, 3.9 మీటర్లవి 27, 2.8 మీటర్లవి 36 కావాలి. బార్లన్నీ 12 మీటర్లవే. మేస్త్రీ ఒక్కో సైజు విడివిడిగా కోస్తే 30 బార్లు పడతాయంటున్నాడు. తుక్కు మాత్రం గుట్టగా పడుతోంది. ఎక్సెల్‌లో గానీ ఏదైనా యాప్‌లో గానీ దీన్ని తగ్గించొచ్చా?*
— సైట్ సూపర్‌వైజర్, ఖమ్మం

తగ్గించొచ్చు. మీ లెక్కకు 28 బార్లు సరిపోతాయి, అంతకన్నా తక్కువలో కుదరదు. మొత్తం ముక్కల పొడవు 328.5 మీటర్లు. దాన్ని 12తో భాగిస్తే 27.4 వస్తుంది. సగం బారు కొనలేం కాబట్టి 28 కనీసం. ఏ యాప్ అయినా మీకు 27 చూపిస్తే ఎక్కడో తప్పు ఎంట్రీ పడిందని అర్థం. 29 గానీ 30 గానీ చూపిస్తే ఇంకా తగ్గే వీలుందేమో చూడాలి. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందే ఈ భాగహారం చేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ముందు మేస్త్రీ లెక్క ఎక్కడ దెబ్బతింటోందో చూద్దాం. ఒక బారులోంచి 5.1 మీటర్లవి రెండు తీస్తే 1.8 మీటర్ల ముక్క మిగులుతుంది. ఇలా 12 బార్లు పోతాయి. 3.9వి బారుకు మూడు, 2.8వి బారుకు నాలుగు వస్తాయి. వాటిలో పెద్దగా నష్టం లేదు. అంటే మీ గుట్టలో ఎక్కువ భాగం ఆ 1.8 మీటర్ల ముక్కలే. మొత్తం 31.5 మీటర్ల తుక్కులో వాటి వాటా 21.6 మీటర్లు.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. చాలా ఉచిత యాప్‌లు 'పెద్ద ముక్క ముందు పెట్టు, మిగిలిన చోట పట్టే ముక్క వెతుకు' అన్న పద్ధతిలో పనిచేస్తాయి. మీ జాబితాకు ఆ పద్ధతి కూడా 30 బార్లే ఇస్తుంది. రెండు 5.1లు పెట్టాక మిగిలిన 1.8లో 3.9 పట్టదు, 2.8 కూడా పట్టదు. యాప్ మేస్త్రీ చేసిన పనినే కాస్త రంగులేసి చూపిస్తుందన్నమాట. దీన్ని దాటాలంటే ఒక బారులో ఏయే ముక్కలు కలిసి ఇమడగలవో ముందు అన్ని కూర్పులూ రాసుకోవాలి. ఆ తర్వాత ఏ కూర్పు ఎన్ని బార్లకు వాడాలో తేల్చాలి. మీ మూడు సైజులకు, ఇంకో ముక్కకు చోటు మిగలని కూర్పులు ఏడే ఉన్నాయి.

```
        5.1  3.9  2.8   మిగులు (మీ.)
P1       2    0    0     1.8
P2       1    1    1     0.2
P3       1    0    2     1.3
P4       0    3    0     0.3
P5       0    2    1     1.4
P6       0    1    2     2.5
P7       0    0    4     0.8
```

ఎక్సెల్‌లో P1 నుంచి P7 వరకు 2వ వరస మొదలు 8వ వరస దాకా పెట్టండి. సైజుల సంఖ్యలు B, C, D కాలమ్‌లలో, ఒక్కో కూర్పుకు ఎన్ని బార్లు కోయాలో E కాలమ్‌లో వస్తాయి. E ఇప్పటికి ఖాళీగానే ఉంచండి. 10వ వరసలో మీకు కావలసిన 24, 27, 36 రాయండి. 9వ వరసలో ఈ ఫార్ములాలు ఇవ్వండి. B9ని C9, D9లకు లాగితే చాలు.

```
B9: =SUMPRODUCT(B2:B8,$E$2:$E$8)
E9: =SUM(E2:E8)
```

తర్వాత Data ట్యాబ్‌లో Solver తెరవండి. అది కనిపించకపోతే File > Options > Add-ins లోకి వెళ్లి, Excel Add-ins పక్కన Go నొక్కి, Solver Add-in టిక్ చేయండి. ఫోన్‌లోని ఎక్సెల్ యాప్‌లో ఇది ఉండదు, కంప్యూటర్ కావాలి. Set Objective దగ్గర E9, Min. By Changing దగ్గర E2:E8. షరతులు రెండు: B9:D9 >= B10:D10, ఇంకొకటి E2:E8 = int. పద్ధతిగా Simplex LP ఎంచుకోండి. అంతటితో ఆపకండి. Options లోకి వెళ్లి Integer Optimality (%) ను 0 చేయండి. అది మామూలుగా 1 ఉంటుంది. అంటే అసలు జవాబుకు ఒక శాతం దూరంలోకి రాగానే సాల్వర్ చాలనుకుని ఆగిపోవచ్చు. 28 బార్ల లెక్కకు దానివల్ల తేడా రాదు గానీ మూడు నాలుగు వందల బార్ల ఆర్డరుకు రెండు మూడు బార్లు జారిపోవచ్చు. ఎక్సెల్ లేనివాళ్లు లిబ్రే ఆఫీస్ క్యాల్క్‌లోని Tools > Solver తో ఇదే పని ఉచితంగా చేసుకోవచ్చు, కాకపోతే అక్కడ Options లో Assume variables as non-negative టిక్ చేయాలి.

జవాబు ఇలా వస్తుంది: P2 24 బార్లు, P4 ఒకటి, P7 మూడు. తుక్కు 7.5 మీటర్లు, అంటే 8.75 శాతం నుంచి 2.2 శాతానికి. మిగిలేది రెండు బార్లు. 16 ఎం.ఎం. మీటరుకు సుమారు 1.58 కిలోలు కాబట్టి దాదాపు 38 కిలోలు. కిలో 60 రూపాయలు వేసుకున్నా రెండు వేల పైచిలుకు. ఒక్క సైజుకే ఇంత. 9వ వరసలో కావలసినదానికన్నా ఎక్కువ అంకె కనిపిస్తే మాత్రం దాన్ని లాభం అనుకోకండి, అది అవసరం లేని ముక్క.

ఇప్పుడు మేస్త్రీ తరఫున ఒక మాట. మీ బీమ్‌ల సపోర్టుల దగ్గర పైన వేసే ఎక్స్‌ట్రా రాడ్లు 1.7 మీటర్లవి ఒక 12 కావాలనుకోండి. అప్పుడు ఆయన పద్ధతిలో ప్రతి 1.8 ముక్కలోంచి ఒకటి వస్తుంది, 30 బార్లలోనే అన్నీ అయిపోతాయి. నా పద్ధతిలోనూ 28 బార్లు, పైగా 1.7 ముక్కలకు రెండు బార్లు, మొత్తం 30. తుక్కు మీటర్లలో కూడా సమానమే, 11.1 మీటర్లు. తేడా తుక్కు ఎలా పడిందన్నదే. ఆయన దారిలో 0.1, 0.3, 0.8 మీటర్ల తునకలుగా చెదిరిపోతుంది. రెండో దారిలో అందులో 3.5 మీటర్లు ఒకే ముక్కగా చేతికొస్తుంది. అది రేపు ఏ చిన్న బీమ్‌కో పనికొస్తుంది, 0.3 మీటర్ల తునక చెయిర్లకు తప్ప దేనికీ రాదు. అందుకే బార్ల సంఖ్య సమానంగా వచ్చినప్పుడు, మిగులు ఒకేచోట పడే ప్లాన్‌నే తీసుకోండి.

దీన్నిబట్టి ఒక ఫ్లోరుకు విడిగా కాకుండా, ఒకే వ్యాసం రాడ్లన్నీ ఒకే షీట్‌లో పెడితే కూర్పులు పెరిగి తుక్కు ఇంకా తగ్గుతుంది. కానీ పై ఫ్లోరు ముక్కలు ఇప్పుడే కోసి ఆరు నెలలు వానలో పడేయొద్దు. ఈలోగా డ్రాయింగ్ మారితే మొత్తానికే మోసం. వచ్చే రెండు మూడు వారాల పనివరకు కలిపితే చాలు.

షీట్‌లో పెట్టే పొడవు డ్రాయింగ్‌లోని బీమ్ పొడవు కాదు, హుక్‌లు కలిపి, వంపుల దగ్గర తగ్గేది తీసివేసిన కటింగ్ పొడవు అయ్యుండాలి. ఇక్కడ తప్పితే సాల్వర్ ఎంత కచ్చితంగా లెక్క చేసినా వృథా. రాడ్లు లారీలో మడతపెట్టి వస్తాయి కాబట్టి సరిచేశాక రెండు మూడు బార్లను టేపు పెట్టి కొలవండి. 12 మీటర్లకు ఏ రెండు మూడు సెంటీమీటర్లు తక్కువున్నా, మిగులు సున్నా అని చూపించే ప్లాన్ సైటులో దెబ్బతింటుంది. మీ P2లో 20 సెంటీమీటర్లు మిగులుంది కనుక భయం లేదు. డిస్క్ కట్టర్ అయితే కోతకు మూడు మిల్లీమీటర్లు పోతాయి. రాడ్ కటింగ్ మెషిన్ తుంచేస్తుంది కాబట్టి పోయేదేం ఉండదు. యాప్‌లో కెర్ఫ్ అడిగితే రాయాల్సింది ఇలా కోతలో పోయే పొడవే.

ప్లాన్ మేస్త్రీ చేతికి ఎలా వెళ్తుందన్నది షీట్‌ కంటే ముఖ్యం. కటింగ్ బల్ల మీద ఒక కొస నుంచి 5.1, 9.0, 11.8 మీటర్ల దగ్గర పెయింట్ గీతలు గీయండి. బారు పెట్టి మూడుచోట్ల సుద్దతో గుర్తు వేసి కోయడమే. ఒక ముక్క కోసి మళ్లీ టేపు పట్టే పని ఉండదు, చిన్న పొరపాట్లు పోగుపడవు. ఆ 24 బార్లూ ఒకేసారి అయిపోయాక గీతలు మార్చి మిగతా నాలుగు కోయించండి.

పడ్డ ముక్కల్ని కలిపి అతుకు వేసి వాడుకుందామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వ్యాసానికి 50 రెట్ల లెక్కన 16 ఎం.ఎం.కు ఒక ల్యాప్‌కే 0.8 మీటరు పోతుంది. 1.8 ముక్కలో అది తీసేస్తే మిగిలేది మీటరు. పైగా ల్యాప్‌లన్నీ ఒకేచోట పడకూడదు. ఇంజినీర్‌ను అడగకుండా ఇందులో చేయి పెట్టొద్దు.

*వే బ్రిడ్జిలో 16 ఎం.ఎం. స్టీల్ 1,050 కిలోలు తూగింది. బార్ బెండింగ్ షెడ్యూల్ ప్రకారం వాడింది 1,000 కిలోలు. అంటే తుక్కు 50 కిలోలని రాసేయాలా?*
— చిన్న కాంట్రాక్టర్, భీమవరం

రాయకండి. షెడ్యూల్‌లో బరువు d²/162 అన్న సూత్రంతో వేస్తారు, 16 ఎం.ఎం.కు మీటరుకు 1.58 కిలోలు. మిల్లులో బారు కాస్త లావుగానో సన్నగానో రావచ్చు. ఐ.ఎస్. 1786 ఈ సైజుకు 5 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది. మీ లోడులోంచి నాలుగైదు బార్లు కొలిచి, తూచి, కిలోలను మీటర్లతో భాగించండి. 1.61 వచ్చిందనుకోండి. అప్పుడు అదే పొడవు స్టీల్ నిజానికి 1,019 కిలోలు తూగుతుంది. 50లో 19 కిలోలు బారు లావు వల్ల వచ్చినవే. మిగిలిన 31 కిలోలకే తుక్కు గుట్టలో లెక్క వెతకాలి. తుక్కును తూచి చూస్తే ఆ 31కి దగ్గరగా ఉండాలి. బాగా తక్కువ తూగితే మాత్రం కట్టర్ దగ్గర వృథా అవుతోందని కాదు, ముక్కలు వేరే దారిన బయటికి పోతున్నాయేమో, లేదా షెడ్యూల్‌లో ఏదైనా రాడ్ రాయడం మరిచారేమో చూసుకోవాలి.